గడువు అడిగే ఉత్తరం: కాంక్రీటు ల్యాబు విద్యార్థుల ప్రణాళిక

సివిల్ విభాగంలో కాంక్రీటు మీద ఎంటెక్ ప్రాజెక్టులు, పీహెచ్‌డీ పనులు చేసుకుంటున్న విద్యార్థులం మేము. ల్యాబులో యంత్రం ఆగిపోయిన ప్రతిసారీ మా గైడ్ల బల్లల మీదికి ఉత్తరాలు చేరుతుంటాయి. వాటిలో చాలావాటి సారాంశం ఒక్కటే: పరికరాలు పనిచేయక ప్రాజెక్టు ఆలస్యమైంది, దయచేసి రెండు నెలల గడువు ఇప్పించండి. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అలాంటి ఉత్తరం చేతికిస్తే గైడ్ గారు దాంతో ఏం చేయగలరు? ఏ యంత్రం ఆగింది, ఏ పరీక్ష తప్పిపోయింది, ఆ రెండు నెలల లెక్క ఎక్కడిది అని హెచ్‌ఓడీ అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు. మా కోసం సంతకం పెట్టే మనిషిని జవాబు లేకుండా నిలబెట్టకూడదని మేమందరం అనుకున్నాం. ఇకపై గడువు అడగాల్సి వస్తే ఎలా అడుగుతామో, దేన్ని అడగమో ఇక్కడ రాసుకుంటున్నాం.

ముందుగా చెప్పాల్సింది కాంక్రీటు వయసు గురించి. పొడి దినుసుల్లో నీళ్లు పోసిన క్షణం నుంచి క్యూబు వయసు మొదలవుతుంది. 7 రోజులకో బలం, 28 రోజులకో బలం, 56 రోజులకో బలం. ఆ రోజు క్యూబును పగలగొట్టకపోతే ఆ వయసు బలం తెలుసుకునే అవకాశం మళ్లీ రాదు. సర్వే పనిలో పరికరం పాడైతే వారం ఆగి అదే కొలత తీసుకోవచ్చు. కాంక్రీటులో ఆ వీల్లేదు. యంత్రం రెండు రోజులే ఆగినా, ఆ రెండు రోజుల్లో 56వ రోజు పడిందంటే దాన్ని వెనక్కి తేవడానికి మళ్లీ క్యూబులు పోసి 56 రోజులు కాచుకోవాలి. మరోసారి యంత్రం నెల రోజులు మూలపడినా, ఆ నెలలో ఏ క్యూబుకూ వయసు రాకపోతే ప్రాజెక్టుకు నష్టం ఒక్క రోజు కూడా ఉండదు. అందుకే మా మొదటి సూత్రం ఇది: యంత్రం ఆగిన రోజులు, ఫలితాలు వెనక్కి జరిగిన రోజులు, మేము అడిగే రోజులు మూడూ వేర్వేరు అంకెలు. ఉత్తరంలో మూడూ విడివిడిగా ఉండాలి. మొదటి అంకెను చూపించి మూడోదాన్ని అడగం.

ఇది అర్థమయ్యేందుకు ఒక ప్రాజెక్టు లెక్కను చివరిదాకా వేసి చూపిస్తాం.

ఎం30 గ్రేడు కాంక్రీటు. సిమెంటులో కొంత భాగం తీసేసి దాని బదులు జీజీబీఎస్, అంటే ఇనుము తయారీలో వచ్చే స్లాగును మెత్తగా నూరిన పొడి వేస్తారు. 0, 20, 40, 60 శాతం చొప్పున నాలుగు మిశ్రమాలు. ఒక్కో మిశ్రమానికి 7, 28, 56 రోజుల పరీక్షలు, ఒక్కో వయసుకు 3 క్యూబులు, మొత్తం 36 క్యూబులు. స్లాగు నెమ్మదిగా పనిచేస్తుంది. 7వ రోజున స్లాగు ఎక్కువున్న మిశ్రమం మామూలు కాంక్రీటు కంటే వెనకబడి ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ అందుకుంటుంది. ఎంత శాతం దాకా అందుకుంటుందో 56వ రోజు చెప్పాలి. ఈ ప్రాజెక్టు ప్రశ్నంతా అదే.

మౌల్డులు సరిపోక మిశ్రమాలను రోజు విడిచి రోజు పోశారు: మార్చి 2, 4, 6, 8. 7 రోజుల పరీక్షలు, 28 రోజుల పరీక్షలు సజావుగా జరిగాయి. చివరిది ఏప్రిల్ 5న ముగిసింది. 56వ రోజులు ఏప్రిల్ 27, 29, మే 1, 3 తేదీల్లో పడతాయి. థీసిస్ డ్రాఫ్టు గైడ్‌కు ఇవ్వాల్సిన గడువు మే 31.

ఏప్రిల్ 25న కంప్రెషన్ టెస్టింగ్ మెషిన్, మేమంతా సీటీఎం అనేది, ఇంకొకరి క్యూబు మీద ఉండగా ఆగింది. ఆ ఆగడం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. నీళ్లలోంచి తీసిన క్యూబును తుడిచి, పోసినప్పటి పైముఖం పక్కకు వచ్చేలా పెట్టి పంపు నడిపారు. రీడింగు మామూలుగానే పెరిగి 600 కిలోన్యూటన్ల దగ్గర నిలబడిపోయింది. పంపు మోగుతూనే ఉంది, అంకె కదల్లేదు, క్యూబు మీద గీత కూడా పడలేదు. కాసేపటికి ర్యామ్ చుట్టూ నూనె ఊరడం కనిపించింది. సీల్ పోయింది. ఎం30 మిశ్రమానికి డిజైనులో పెట్టుకునే సగటు బలం 38.25 న్యూటన్లు చదరపు మిల్లీమీటరుకు. 150 మిల్లీమీటర్ల క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. అంటే క్యూబు పగలడానికి దాదాపు 860 కిలోన్యూటన్లు కావాలి. 600 దాటని యంత్రం మీద ఈ ప్రాజెక్టులో ఒక్క 56 రోజుల క్యూబు కూడా పగలదు. ఉత్తరంలో "సీటీఎం పనిచేయడం లేదు" అని ఊరుకోకుండా ఈ రెండు అంకెలూ రాస్తే గైడ్‌కు ఇంకేమీ వివరించనక్కర్లేదు.

సీల్ మార్చడం ఒక పని, యంత్రం మళ్లీ నమ్మదగినది కావడం మరో పని. ఈ రెండోదాన్ని మా ఉత్తరాలు తరచూ మరిచిపోతుంటాయి. ర్యామ్ విప్పి బిగించాక యంత్రం చూపే అంకె నిజమైన బలంతో సరిపోతోందో లేదో ప్రూవింగ్ రింగుతోనో ప్రామాణిక లోడ్ సెల్‌తోనో వేర్వేరు లోడ్ల దగ్గర సరిచూసి, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ కాగితం వచ్చేదాకా వచ్చిన రీడింగులను థీసిస్‌లో పెట్టం. అందువల్ల యంత్రం ఆగిన కాలాన్ని మేము సర్టిఫికెట్ వచ్చే తేదీ దాకా లెక్కిస్తాం, మెకానిక్ వెళ్లిపోయిన తేదీ దాకా కాదు. ఈ కేసులో విడిభాగాల సరఫరాదారు, కాలిబ్రేషన్ సంస్థ ఇచ్చిన తేదీలు కలిపితే మే 20 వచ్చింది. ఏప్రిల్ 25 నుంచి 25 రోజులు. ఇది మొదటి అంకె.

ఇప్పుడు క్యూబులు మిగిలాయి. 56వ రోజుకు దాచిన 12 క్యూబులు ట్యాంకులో ఉన్నాయి. విద్యార్థి ముందు నాలుగు దారులున్నాయి. ఉత్తరం రాయకముందే నాలుగింటినీ తూచి చూడాలి, ఎందుకంటే గైడ్ అడిగేది వాటి గురించే.

మొదటి దారి, మళ్లీ పోయడం. పోయడానికి సీటీఎం అక్కర్లేదు, మిక్సరు చాలు, కాబట్టి యంత్రం బాగయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. ఏప్రిల్ 30న మొదలుపెట్టి రోజు విడిచి రోజు పోస్తే మే 6కు నాలుగూ అయిపోతాయి, చివరి 56వ రోజు జులై 1న వస్తుంది. పైగా కొత్త బ్యాచ్ పాత బ్యాచ్‌తో కలుస్తుందో లేదో చూడటానికి 7, 28 రోజుల క్యూబులు కూడా పోయాలి. ఎక్కువ కాలం, ఎక్కువ సామాను.

రెండో దారి, బయట పరీక్ష చేయించడం. దగ్గర్లోని ఇంకో ల్యాబు మే 8న ఒకే ఒక్క రోజు యంత్రం ఇస్తానంది. ఆ రోజుకు మొదట పోసిన మామూలు కాంక్రీటు వయసు 67 రోజులు, చివర పోసిన 60 శాతం స్లాగు మిశ్రమానిది 61. నిజానికి ఆ వయసులో ఆరు రోజుల్లో పెరిగే బలం కొద్దిగానే ఉంటుంది. కానీ 20 శాతం మిశ్రమానికీ 40 శాతం మిశ్రమానికీ మధ్య మేము వెతుకుతున్న తేడా కూడా కొద్దిదే. నెమ్మదిగా బలపడే మిశ్రమానికే తక్కువ రోజులిచ్చి, అది వెనకబడిందని రాయడం న్యాయం కాదు.

మూడోది, యంత్రం రాగానే నాలుగు మిశ్రమాలనూ ఒకే వయసుకు, 80వ రోజున పగలగొట్టడం. మే 21తో మొదలై మే 27కు ముగుస్తుంది. త్వరగా అయిపోతుంది కానీ 80 రోజుల ఫలితాన్ని పోల్చి చూడటానికి ఇతరుల పనులు దొరకవు. కాలిబ్రేషన్ రెండు రోజులు అటూ ఇటూ అయితే మొదటి మిశ్రమం మళ్లీ తప్పిపోతుంది.

నాలుగోది, 56 బదులు 91 రోజులు. క్యూబు పరీక్షల పాత ప్రమాణం ఐఎస్ 516, 1959 నాటిది, 28 రోజుల తర్వాత కూడా బలం చూడాలంటే 13 వారాల వయసును సూచిస్తుంది. 13 వారాలంటే 91 రోజులు. స్లాగు కాంక్రీటు గురించి రాసేవాళ్లు మూడు నెలల బలాన్ని ఎలాగూ ఇస్తుంటారు. క్యూబులు అవే, బ్యాచ్ అదే, నాలుగు మిశ్రమాలకూ సమానమైన వయసు. తేదీలు జూన్ 1, 3, 5, 7. కాలిబ్రేషన్ పది రోజులు ఆలస్యమైనా తట్టుకుంటుంది. ఈ విద్యార్థి దీన్నే ఎంచుకున్నారు. ఫలితాలు మే 3 నుంచి జూన్ 7కు జరిగాయి, 35 రోజులు. ఇది రెండో అంకె.

దీనికో ఖర్చుంది, దాన్నీ చెప్పాలి. 56 రోజుల బలం ఇక ఈ థీసిస్‌లో ఉండదు. ప్రాజెక్టు ప్రతిపాదనలో 56 అని రాసి ఉంటే దాన్ని మార్చడానికి గైడ్ అనుమతి కావాలి. అంటే ఈ ఉత్తరం గడువు కోసం మాత్రమే కాదు, పద్ధతి మార్పు కోసం కూడా. గడువు వాక్యం మధ్యలో ఆ మార్పును దాచేసి సంతకం తీసుకోవడాన్ని మేము మోసంగానే భావిస్తాం. ఇంకొకటి: మే నెలలో మా ల్యాబు ట్యాంకు నీళ్లు ఊరికే వేడెక్కుతాయి. క్యూరింగ్ నీళ్లు 27 డిగ్రీలకు రెండు డిగ్రీలు అటూ ఇటుగా ఉండాలన్నది నియమం. వేడి నీళ్లలో స్లాగు త్వరగా బలపడుతుంది. కాబట్టి ట్యాంకుకు నీడ చేసి, వారానికోసారి నీళ్లు మార్చి, రోజూ ఉష్ణోగ్రత రాసి పెట్టడం ఈ దారి ఎంచుకున్నవాళ్ల బాధ్యత. పన్నెండు క్యూబులూ ఒకే ట్యాంకులో ఉంటేనే పోలిక నిలబడుతుంది.

ఇక అడిగే రోజులు. ఫలితాలు 35 రోజులు జరిగాయి కాబట్టి గడువు కూడా 35 రోజులు కావాలనుకోవడం సరికాదు. మొదటి లెక్కలో మే 3 తర్వాత మే 31 దాకా 28 రోజులున్నాయి, థీసిస్ అంతా ఆ రోజుల్లో రాయాలనుకున్నారు. యంత్రం ఆగిన కాలంలో పరిచయం, సాహిత్య సమీక్ష, ప్రయోగ విధానం అధ్యాయాలు, 7, 28 రోజుల ఫలితాల గ్రాఫులు పూర్తి చేయవచ్చు. జూన్ 7 తర్వాత మిగిలేది 91 రోజుల ఫలితాలు, చర్చ, ముగింపు. దానికి 14 రోజులు చాలు. జూన్ 21. అంటే మే 31 నుంచి 21 రోజులు. ఇది మూడో అంకె. యంత్రం 25 రోజులు ఆగింది, ఫలితాలు 35 రోజులు జరిగాయి, అడిగింది 21 రోజులు. ఈ మూడూ పక్కపక్కన కనిపించిన ఉత్తరం చూస్తే, విద్యార్థి ఖాళీగా కూర్చోలేదని గైడ్‌కు వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఆ ఉత్తరం ఇలా ఉంటుంది.

"గౌరవనీయులైన గైడ్ మేడం గారికి,

నమస్కారం. మన ల్యాబులోని సీటీఎం ఏప్రిల్ 25న 600 కిలోన్యూటన్ల దగ్గర ఆగిపోయింది. ర్యామ్ సీల్ నుంచి నూనె కారుతోంది. నా క్యూబులకు సుమారు 860 కిలోన్యూటన్లు అవసరం. మరమ్మతు, కాలిబ్రేషన్ పూర్తయి మే 20కి యంత్రం అందుబాటులోకి వస్తుందని ల్యాబు ఇన్‌ఛార్జి గారు తెలిపారు. లాగ్‌బుక్కు పేజీ నకలు జతచేశాను.

దీనివల్ల నాలుగు మిశ్రమాల 56 రోజుల పరీక్షలు, మొత్తం 12 క్యూబులు, చేయలేకపోతున్నాను. 7, 28 రోజుల పరీక్షలు ఏప్రిల్ 5కే పూర్తయ్యాయి. అవి పాత కాలిబ్రేషన్ చెల్లుబాటులో ఉన్నప్పుడు చేసినవి. ఆ సర్టిఫికెట్ నకలు కూడా జతచేశాను.

మీ అనుమతితో ఇవే క్యూబులను 56 రోజులకు బదులు 91 రోజులకు, జూన్ 1, 3, 5, 7 తేదీల్లో పరీక్షించాలనుకుంటున్నాను. ఈ మార్పును, దాని కారణాన్ని థీసిస్‌లో రాస్తాను. బయటి ల్యాబులో మే 8న ఒక్క రోజే అవకాశం ఉంది. ఆ రోజు మిశ్రమాల వయసులు 61 నుంచి 67 రోజుల వరకు వేర్వేరుగా ఉంటాయి కనుక దాన్ని ఎంచుకోలేదు.

మొదటి మూడు అధ్యాయాలు మే 20లోగా మీకు అందిస్తాను. పూర్తి డ్రాఫ్టు గడువును మే 31 నుంచి జూన్ 21కి పొడిగించవలసిందిగా కోరుతున్నాను. మే 28 నాటికి కూడా కాలిబ్రేషన్ సర్టిఫికెట్ రాకపోతే జూన్ 1 నుంచి బయటి ల్యాబులో పరీక్షలు చేయించేందుకు ముందుగానే ఏర్పాట్లు చేసుకుంటాను. అందుకు విభాగం తరఫున ఒక లేఖ ఇప్పించగలరని మనవి.

మీ విద్యార్థి"

ఒక పేజీ దాటలేదు. ఇందులో ఎవరి మీదా నింద లేదు. సీల్ అరిగిపోవడం ల్యాబు అసిస్టెంట్ తప్పు కాదు, ఉత్తరంలో ఆయన పేరు ఎత్తాల్సిన అవసరమూ లేదు. ఆరోగ్యం బాగాలేదని, ఇంట్లో ఇబ్బందులని నిజంగా ఉంటే అవి వేరే ఉత్తరంలో రాయాలి. యంత్రం కారణాన్ని బలపరచడానికి వాటిని తెచ్చి కలిపితే రెండూ బలహీనపడతాయి.

ఉత్తరం ఎప్పుడు ఇవ్వాలన్నదీ ముఖ్యమే. యంత్రం ఆగిన రోజే గైడ్‌కు నోటిమాటగానైనా చెప్పాలి. మరమ్మతు తేదీ తెలియగానే, వారం దాటకుండా ఉత్తరం చేతికివ్వాలి. మే 29న వచ్చిన ఉత్తరాన్ని గైడ్ నమ్మినా చేయగలిగింది తక్కువ. ఏప్రిల్ 30న వస్తే ఆవిడ ఇంకో ల్యాబుకు ఫోన్ చేయవచ్చు, 91 వద్దు 80 మేలని చెప్పవచ్చు, సమావేశంలో ముందుగానే మాట్లాడవచ్చు.

ఇప్పుడు మేము చేయబోమని చెప్పే విషయం. దీని గురించి పైకి మాట్లాడటం తక్కువ కాబట్టి వివరంగానే రాస్తున్నాం. గడువు అడగడానికి మొహమాటపడి, యంత్రం బాగయ్యాక 75వ రోజున పగలగొట్టిన క్యూబును 56వ రోజు గడిలో రాసేయడం. లేదా 28 రోజుల బలాన్ని ఏదో ఒక గుణకంతో హెచ్చించి మూడు క్యూబుల అంకెలు అల్లుకోవడం. అల్లిన అంకెలు చూసేవాళ్లకు దొరుకుతాయి. నిజమైన మూడు క్యూబులు ఎప్పుడూ ఒకదానికొకటి కొంచెం దూరంగానే ఉంటాయి, ఏ ఒక్కటీ సగటు నుంచి 15 శాతం కంటే ఎక్కువ జరగకూడదని ఐఎస్ 456 అంటుంది కానీ అతుక్కుని ఉండాలని అనదు. నాలుగు మిశ్రమాల్లోనూ 28కీ 56కీ మధ్య పెరుగుదల ఒకే నిష్పత్తిలో ఉంటే స్లాగు శాతం మారిన సంగతే ఆ పట్టికకు తెలియనట్టు. లాగ్‌బుక్కులో యంత్రం ఆగి ఉన్న తేదీన పరీక్ష జరిగినట్టు రాస్తే వేరే సాక్ష్యం అక్కర్లేదు. కానీ దొరికిపోతామనే భయంతో మేము ఈ మాట రాయడం లేదు. ఆ పట్టికను చూసి రేపు ఎవరో 60 శాతం స్లాగుతో స్లాబు పోస్తారు. అందుకే రాస్తున్నాం. మాలో ఎవరైనా ఈ పని చేయబోతుంటే పక్కనున్నవాళ్లు ఆపి, గడువు ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టాలి.

యంత్రం ఆగినప్పుడు దాని మీద ఉన్న ఆ క్యూబు సంగతి కూడా ఒక నియమంగా పెట్టుకున్నాం. 600 దాకా లోడు తిన్న క్యూబు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల సన్న పగుళ్లు పడి ఉండవచ్చు. దాన్ని మళ్లీ ట్యాంకులో వేసి తర్వాత సగటులో కలపకూడదు. సుద్దతో గుర్తు పెట్టి పక్కన ఉంచి, లాగ్‌బుక్కులో రాయాలి.

గైడ్ల నుంచి మేము కోరుకునేది ఎక్కువేమీ లేదు. లెక్క చూపించిన ఉత్తరానికి లెక్కతోనే జవాబివ్వండి. 21 ఇవ్వలేకపోతే 14 ఇచ్చి, ఏ పని తగ్గించమంటారో చెప్పండి: 20 శాతం మిశ్రమాన్ని వదలమంటారా, చర్చను కుదించమంటారా? "చూద్దాం" అన్న మాటతో విద్యార్థి మూడు వారాలు గడిపితే ఆ మూడు వారాలూ క్యూరింగ్ ట్యాంకులో కాదు, వరండాలో పోతాయి.

విభాగాన్ని అడిగేవి మూడున్నాయి. సీటీఎం కాలిబ్రేషన్ సెమిస్టర్ మధ్యలో కాకుండా, క్యూబులు పోయడం మొదలుకాకముందే చేయించాలి. ర్యామ్ సీల్ కిట్ ఒకటి ఎప్పుడూ స్టోరులో ఉండాలి, అది లేక పోయే వారాలతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు. యంత్రం ఆగిన రోజే తేదీ, లక్షణం, ఎవరికి తెలియజేశారు అన్న మూడు వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టాలి, ఆ నోటీసు నకలునే విద్యార్థి ఉత్తరానికి జతచేస్తారు. మా వైపు నుంచి ప్రతి విద్యార్థీ క్యూబులు పోసిన రోజే తన పరీక్ష తేదీలన్నీ సీటీఎం పక్కనున్న క్యాలెండరులో రాస్తారు. యంత్రం ఆగితే ఎవరి క్యూబులు ఏ రోజు దెబ్బతింటాయో ల్యాబు ఇన్‌ఛార్జి గారికి అప్పుడే తెలుస్తుంది, బయటి ల్యాబును అందరి తరఫునా ఒకేసారి అడగవచ్చు.

ఈ ప్రణాళిక క్యూబుల లెక్క మీద రాసింది. సాయిల్ ల్యాబులో కన్సాలిడేషన్ పరీక్షలు చేసే మిత్రులకు, బిటుమెన్ నమూనాలతో పనిచేసే రోడ్ల విభాగం మిత్రులకు కాలం వేరే రకంగా నడుస్తుంది. వాళ్ల లెక్కలు వాళ్లే వేసి తెస్తే, వచ్చే సెమిస్టర్ మొదటి క్యాస్టింగ్‌కు ముందే ఈ కాగితానికి కలుపుతాం.